పైన ఎవరి పేరు?

రుస్తాఖ్‌లో నా గది కిటికీ తెరిస్తే ముందు ఖర్జూరపు తోట, దాని వెనక కోట బురుజు, ఆ వెనక కొండలు కనిపిస్తాయి. మస్కట్ నుంచి కారులో రెండు గంటల లోపే వచ్చేయొచ్చు కానీ, సాయంత్రం అయ్యేసరికి మన కొండపల్లి పక్కనో కొండవీడు పక్కనో ఉన్న చిన్న ఊరిలాగే సద్దుమణిగిపోతుంది. ఆ సద్దుమణిగిన వేళే నాకు రెండో డ్యూటీ మొదలవుతుంది. జీతం లేని డ్యూటీ. ఇక్కడ పనిచేసే మన తెలుగువాళ్ళు రాసుకున్న ఇంగ్లిష్ మెయిళ్ళు దిద్దిపెట్టడం.

నేనేమీ ఇంగ్లిష్ మేష్టారిని కాను. ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసులో బిల్లులు, కొటేషన్లు చూసే గుమాస్తాని. రోజంతా ఆ భాషలోనే ఉత్తరాలు రాస్తాను కనుక, మా వాళ్ళకి నేను పెద్ద చదువరిలా కనిపిస్తాను. లీవు అడగడానికి, జీతంలో కోత ఎందుకు పడిందో కనుక్కోవడానికి, బ్యాంకుకి, పిల్లాడి స్కూలుకి, ఒకటేమిటి. వాట్సాప్‌లో పంపుతారు. నేను 'ఎ'లూ 'ద'లూ సరిచేసి తిరిగి పంపుతాను. చాలాకాలం ఆ పని బాగానే చేస్తున్నాననుకున్నాను.

మొన్న జులైలో జరిగింది చెబుతాను. ఇందులో పేర్లన్నీ మార్చాను.

జగిత్యాల వైపు తమ్ముడొకడు ఇక్కడే వేరే కంపెనీలో ఎలక్ట్రీషియన్. వాళ్ళ నాన్నకి హైదరాబాద్‌లో బైపాస్ ఆపరేషన్ ఖాయమైంది. జులై 27న. లీవు ఫారం నింపి జులై 2న సైట్ ఇంజనీర్‌కి ఇచ్చాడు. ఆయన సంతకం పెడితే అది పర్సనల్ ఆఫీసుకి వెళ్తుంది, వాళ్ళు ఒప్పుకుంటే టికెట్. పది రోజులు గడిచాయి. అడిగినప్పుడల్లా ఇంజనీర్ "బుక్రా" అంటాడు, అంటే రేపు. చివరికి మా వాడు పర్సనల్ ఆఫీసులో ఉండే సలీమ్ గారికి మెయిల్ రాసుకుని నాకు చూపించాడు. దిద్దాను. పంపాడు. ఆ మెయిల్ తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"డియర్ మిస్టర్ సలీమ్, జులై 2న నా లీవు ఫారం సైట్ ఇంజనీర్‌కి ఇచ్చాను. పది రోజులైనా ఆయన సంతకం పెట్టలేదు. అడిగితే రేపు అంటున్నారు. జులై 27న మా నాన్నకి గుండె ఆపరేషన్. దయచేసి మీరు ఆయనతో మాట్లాడండి. కిందటిసారి కూడా మీరే నాకు సాయం చేశారు."

మంచి ఉత్తరమే. చెప్పాల్సింది చెప్పింది, చెప్పాల్సినవాళ్ళకి చెప్పింది. మూడు రోజులకి సలీమ్ గారి జవాబు వచ్చింది. ఇంజనీర్ హమద్‌కి నువ్వే నేరుగా రాయి, నాకు కాపీ పెట్టు, అని.

ఆ రాత్రి తొమ్మిదింటికి మా వాడు మళ్ళీ వాట్సాప్‌లో పంపాడు. "అన్నా, జర గీ మెయిల్ ఒక్కసారి సూడవా? రెండు లైన్లు కలిపిన. పొద్దుగాల ఇంజనీర్ సార్‌కు పంపాలె."

చూశాను. అప్పుడు అన్నం పొయ్యి మీద ఉంది. పాత ఉత్తరమే, అడుగున కొత్తగా రెండు వాక్యాలు. ఆపరేషన్‌కి ముందు రక్తం ఇవ్వడానికి తను ఉండాలన్నది ఒకటి, సలీమ్ గారు రాయమన్నారన్నది రెండోది. ఆ రెండింటిలో రెండు తప్పులున్నాయి, సరిచేశాను. తిరిగి పంపి, "బాగుంది, పంపెయ్" అని రాశాను. ఒక బొటనవేలి బొమ్మ కూడా పెట్టాను.

పదకొండు దాటాక పడుకున్నాను. కునుకు పడుతుండగా, ఎందుకో, వాడి మాట గుర్తొచ్చింది. ఇంజనీర్ సార్‌కి. నేను దిద్దిన ఉత్తరంలో పైన ఉన్న పేరు సలీమ్. లేచి కూర్చుని ఫోన్ తీశాను. డియర్ మిస్టర్ సలీమ్. ఔను, అక్కడే ఉంది. వెళ్ళేది హమద్‌కి.

మొదట వచ్చిన ఆలోచన, 'ఓస్, పేరే కదా, మార్చుకోమంటే సరి' అని. మెసేజ్ టైపు చేయబోయి, సలీమ్ తీసి హమద్ పెట్టి ఉత్తరం మొత్తం ఒకసారి చదివాను. ఒళ్ళు ఝల్లుమంది. మీరూ చదివి చూడండి. "డియర్ మిస్టర్ హమద్, నా లీవు ఫారం సైట్ ఇంజనీర్‌కి ఇచ్చాను. పది రోజులైనా ఆయన సంతకం పెట్టలేదు. దయచేసి మీరు ఆయనతో మాట్లాడండి." ఆ సైట్ ఇంజనీరే హమద్. ఎవరి సంతకం కోసం ఎదురుచూస్తున్నాడో ఆయనకే, ఆయన మీద ఫిర్యాదు, ఆయనతోనే మాట్లాడమని విన్నపం. 'కిందటిసారి మీరే సాయం చేశారు' అన్న వాక్యం ఆయనకి వెక్కిరింతలా వినిపిస్తుంది.

అంటే పైన పేరు తప్పుగా ఉండటం జబ్బు కాదు. లోపలి జబ్బుకి అది పైకి కనిపించే పొక్కు. పొక్కు గిల్లేస్తే జబ్బు కనపడకుండా పోతుందే తప్ప నయం కాదు. ఇంకా చెప్పాలంటే, తప్పు పేరుతోనే వెళ్ళుంటే ఇంజనీర్ 'ఇది నాది కాదు, పొరపాటున వచ్చింది' అనుకోవడానికి కాస్త చోటుండేది. పేరు ఒక్కటే సరిచేసి పంపుంటే ఆ చోటు కూడా ఉండేది కాదు.

తమ్ముడికి ఫోన్ చేశాను, స్విచాఫ్. మెసేజ్ పెడితే ఒకటే టిక్కు. వాళ్ళ గదిలో ఆరుగురు ఉంటారు, పడుకునేముందు ఫోన్లన్నీ ఆపేస్తారు. పొద్దున్న లేచి ఫోన్ తెరవగానే పంపేస్తానన్నాడు. ముందు నా మెసేజ్ చూస్తాడో, ముందు మెయిలే నొక్కేస్తాడో!

ఎండాకాలం ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. అందుకని సైట్లలో పని తెల్లవారుజామునే మొదలవుతుంది. వాళ్ళ వ్యాను అయిదుంపావుకి వస్తుంది. నేను నాలుగున్నరకే బయల్దేరాను. ఆ వేళకి కూడా గాలి వేడిగానే ఉంది. ఫలజ్ కాలవలో నీళ్ళ చప్పుడు, తోటల్లో పండుతున్న ఖర్జూరాల వాసన, మసీదు దగ్గర నాలుగైదు చెప్పుల జతలు. వేడినీళ్ళ బుగ్గ అయిన్ అల్ కస్ఫా వైపు తువ్వాలు భుజానేసుకుని ఒక ముసలాయన వెళ్తున్నాడు. మామూలుగా అయితే ఆగి సలాం చెప్పేవాణ్ణి.

మా వాడు గది బయట పళ్ళు తోముకుంటున్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు. "ఏమైందన్నా? ఇంటికాడ్నించి ఏమన్న ఫోనొచ్చిందా?" అన్నాడు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నవాడి గుమ్మంలోకి తెల్లవారకముందే వెళ్తే ఏమనుకుంటాడో నాకు తట్టలేదు. "ఏం లేదు తమ్ముడూ, నాన్న బాగున్నారు. మెయిల్ పంపావా?" అన్నాను. ఇంకా లేదన్నాడు. అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

ఫోన్‌లో వాడి డ్రాఫ్ట్ చూస్తే నాకు వాట్సాప్‌లో కనపడనివి మరో రెండు బయటపడ్డాయి. వాడు కొత్త మెయిల్ మొదలుపెట్టలేదు. సలీమ్ గారి జవాబునే ఫార్వర్డ్ కొట్టి, పైన ఉత్తరం అతికించాడు. కనుక కింద పాత ఫిర్యాదు మొత్తం వేలాడుతోంది. పైన నేను ఎంత మర్యాదగా తిరగరాసినా, ఇంజనీర్ వేలితో ఒక్కసారి కిందికి జరిపితే అంతా చదువుతాడు. రెండోది, Subject గడిలో అక్షరాలు పెద్దగా: సైట్ ఇంజనీర్ సంతకం పెట్టని లీవు ఫారం. దాని ముందు Fwd: అని. ఉత్తరం తెరవకముందే కనపడేది అదే.

వాట్సాప్‌లో పంపినప్పుడు ఈ రెండూ నాకెందుకు కనపడలేదో అప్పుడు అర్థమైంది. మెయిల్లోంచి రాసింది మాత్రం కాపీ చేసి పంపితే, To గడి రాదు, Subject రాదు, కింద వేలాడే పాత ఉత్తరాలు రావు. నా చేతికొచ్చేది కవరు లేని కాగితం. కవరు మీద ఎవరి పేరుందో చూడకుండా కాగితంలో 'ఎ', 'ద' దిద్దుతూ కూర్చున్నాను. పైగా ముందోసారి దిద్దిన ఉత్తరం కదా, కన్ను తెలిసిన వాక్యాల మీదుగా జారిపోయి కొత్త రెండు వాక్యాల దగ్గరే ఆగింది. ఎవరైనా "ఒక్కసారి చూడండి, కొంచెమే మార్చాను" అంటే మనం ఆ కొంచెమే చూస్తాం. మారింది ఆ కొంచెం కాదు, చదివే మనిషి.

ఇంగ్లిష్‌కి ఇందులో ఓ వాటా ఉంది. 'యూ' అన్న ఒక్క మాట సలీమ్‌కీ సరిపోతుంది, హమద్‌కీ సరిపోతుంది, ఓ మేడమ్‌కీ సరిపోతుంది. మనిషి మారినా మాట మారదు కనుక వాక్యం ఎక్కడా కుంటదు, కన్నుకి గుచ్చుకోదు. అరబ్బీలో అలా కాదు. మగవాడికి రాసిన ఉత్తరం ఆడమనిషికి పంపాలంటే 'పంపుతావు' లాంటి క్రియలకి కూడా రూపం మార్చాలి. ఇక్కడి ఆఫీసు ఉత్తరాల్లో పేరుకి ముందు మగవారికి అల్ ఫాదిల్ అని, ఆడవారికి అల్ ఫాదిలా అని రాస్తారు. తప్పు జరిగితే చాలాచోట్ల బయటపడుతుంది. మన తెలుగు మేలు కదా అనుకున్నాను కానీ, ఆలోచిస్తే అదీ సగమే. 'నువ్వు వచ్చావు', 'వాడు వచ్చాడు' అంటే తేడా తెలుస్తుంది. మర్యాద మొదలుకాగానే 'మీరు వచ్చారు', 'ఆయన వచ్చారు', రెండింటికీ తోక ఒకటే. మర్యాద పెరిగేకొద్దీ ఎదుటి మనిషెవరో, అవతలి మనిషెవరో క్రియలో కలిసిపోతారు. ఆఫీసు ఉత్తరాలన్నీ మర్యాదలోనే ఉంటాయి మరి. కాబట్టి ఏ భాషైనా, మనిషి ఎవరని గట్టిగా చెప్పేది పైన ఉన్న ఆ ఒక్క పిలుపే. దాన్నే ఎవరూ చదవరు. దిద్దేవాళ్ళు అసలే చదవరు, అందులో వ్యాకరణం ఏముంటుంది గనక?

వ్యాను రావడానికి అరగంట ఉంది. కొత్త మెయిల్ తెరిపించాను. To గడి ఖాళీగా వదిలేయమన్నాను. తప్పుగా వేలు తగిలినా, చిరునామా లేని ఉత్తరం ఎక్కడికీ పోదు. తర్వాత పాతది ఒక్కో వాక్యం చదువుతూ ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ఇందులో 'మీరు' ఎవరు, 'ఆయన' ఎవరు?

'ఫారం సైట్ ఇంజనీర్‌కి ఇచ్చాను.' ఇక్కడ ఇంజనీర్ అంటే చదివే మనిషే. 'ఫారం మీకు ఇచ్చాను' అయింది. 'పది రోజులైనా ఆయన సంతకం పెట్టలేదు.' ఇది తీసేశాం. ఆ పది కూడా అప్పటికి పదమూడు అయింది, అదీ పాతబడ్డ లెక్కే. 'అడిగితే రేపు అంటున్నారు.' తీసేశాం. 'మీరు ఆయనతో మాట్లాడండి.' ఇందులో ఇద్దరూ మారిపోయారు. మాట్లాడాల్సింది లేదు, సంతకమే కావాలి. 'కిందటిసారి మీరే సాయం చేశారు.' ఆ సాయం సలీమ్ గారిది, హమద్‌ది కాదు, అది పోయింది.

అన్నీ తీసేశాక మిగిలింది ఆపరేషన్ తేదీ, రక్తం సంగతి. మా వాడు దిగులుగా "ఏం మిగల్లేదు గదన్నా" అన్నాడు. నిజమే. పర్సనల్ ఆఫీసుకి కావలసింది ఎవరి దగ్గర కాగితం ఆగిందో. ఇంజనీర్‌కి కావలసింది అది కాదు. ఈ మనిషి వెళ్ళిపోతే సైట్‌లో పని ఎవరు చూస్తారన్నదే ఆయన బెంగ. ఆ జవాబు పాత ఉత్తరంలో ఎక్కడా లేదు, ఎందుకంటే సలీమ్ గారికి దాని అవసరం లేదు. "నువ్వు లేకపోతే ప్యానెల్ పని ఎవరు చేస్తారు?" అని అడిగాను. కేరళ అతను ఒకడు ఒప్పుకున్నాడట. "ఆ మాట ముందే ఎందుకు రాయలేదు?" అంటే, "సలీమ్ సార్‌కు అదెందుకన్నా?" అన్నాడు. వాడికి అంతా తెలుసు. మనిషి మారాక ఉత్తరం కూడా మారాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

చివరికి ఇలా తేలింది: "డియర్ ఇంజనీర్ హమద్, జులై 2న నా లీవు ఫారం మీకు ఇచ్చాను. సైట్ పనిలో మీకు తీరిక ఉండదని తెలుసు, అందుకే మరో కాపీ జతచేస్తున్నాను. జులై 27న మా నాన్నకి గుండె ఆపరేషన్, అంతకుముందే రక్తం ఇవ్వడానికి నేను అక్కడ ఉండాలి. నేను లేనన్ని రోజులు ప్యానెల్ పని చూడటానికి మా జట్టులో ఒకరు ఒప్పుకున్నారు. మీ సంతకం అందితే టికెట్ చూసుకుంటాను. మిస్టర్ సలీమ్ సూచన మేరకు ఆయనకి కాపీ పెడుతున్నాను." ఇక్కడ ఇంజనీర్లని మిస్టర్ అనడం కంటే ఇంజనీర్ అని పేరుకి ముందు పెట్టి పిలిస్తే మర్యాద. Subject గడిలో లీవు అభ్యర్థన, తేదీలు, అంతే.

అప్పుడు To గడిలోకి వెళ్ళాం. వాడు 'హ' అక్షరం కొట్టగానే ఫోన్ ఇద్దరు హమద్‌లని చూపించింది. మొదటివాడు స్టోర్ కీపర్. ఈ దేశంలో మనిషి పేరు, తండ్రి పేరు, తెగ పేరు కలిపితే గానీ ఒక మనిషి కాడు, పిలిచేది మాత్రం మొదటి పేరుతోనే. హమద్‌లు, సయీద్‌లు, సలీమ్‌లు ప్రతి ఆఫీసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. పైన పిలుపు సరిగ్గా ఉండి, చిరునామా మరో హమద్‌ది అయితే, ఈ పేరు చూసే కిటుకు కూడా పట్టుకోలేదు. అందుకని చిరునామా మీద వేలు పెట్టి పూర్తిగా తెరిచి చూసుకున్నాం. వ్యాను హారన్ మోగింది. పంపాడు.

ఇంత హడావుడి ఎందుకంటారేమో. పంపాక వెనక్కి తీసుకోవడం అన్నది మనం అనుకున్నంత సులువు కాదు. జీమెయిల్‌లో Undo Send ఉంది కానీ అది నిజానికి వెనక్కి తేవడం కాదు, కొన్ని సెకన్లు ఆపి పంపడం. ఆ వ్యవధి ఎంత పెంచుకున్నా 30 సెకన్లే. అవుట్‌లుక్‌లో వెనక్కి పిలిచే ఏర్పాటు ఒకే సంస్థ లోపలి చిరునామాల మధ్యే పనిచేస్తుంది, అదీ అన్నిసార్లూ కాదు. ఆ తర్వాత మిగిలేది క్షమాపణ ఉత్తరం. దాని రుచి నాకు తెలుసు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, బాకీ గుర్తుచేస్తూ ఒక దుకాణదారుకి రాసిన మెయిల్‌లో అంకె సరిచేసి మరో దుకాణదారుకి పంపాను. పైన పేరు మొదటాయనదే. ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. 'నేను రాషిద్‌ని కాను. రాషిద్ మీకు బాకీ ఉన్నాడని మాత్రం ఇప్పుడు తెలిసింది.' అంకెని మూడుసార్లు చూసుకున్నాను ఆ రోజు. పేరుని ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు నేర్చుకున్నది నా ఉత్తరాలకి పాటిస్తూనే ఉన్నాను, ఇతరుల ఉత్తరాల దగ్గర మాత్రం వదిలేశాను. వాళ్ళ భాష దిద్దడమే నా పని అనుకున్నాను కనుక. ఇప్పుడు ఎవరు పంపినా ముందు ఒక్కటే అడుగుతున్నాను, "ఇది ఎవరికి?" ఆ జవాబు వచ్చాకే ఉత్తరం తెరుస్తాను. పైన పేరు ఆ జవాబుతో కలవకపోతే పేరు మార్చను. ముందు ప్రతి 'మీరు' దగ్గరా ఆగుతాను. పేరు అన్నిటికన్నా చివర మారుస్తాను.

ఇంజనీర్ హమద్ మర్నాడు సంతకం పెట్టాడు. ఉత్తరం వల్లనో, సలీమ్ గారికి కాపీ వెళ్ళడం వల్లనో, ప్యానెల్ పని చూసే మనిషి దొరికినందువల్లనో చెప్పలేను. నలభై అయిదు రోజులు అడిగితే ముప్ఫై ఇచ్చారు. మా వాడు 22న మస్కట్‌లో విమానం ఎక్కాడు.

ఆగస్టు నెలాఖరుకి తిరిగొచ్చాడు. వాళ్ళ నాన్న మెల్లగా నడుస్తున్నాడట. నాకో సీసా మామిడికాయ తొక్కు తెచ్చాడు. వచ్చిన మూడో రోజు వాట్సాప్‌లో మళ్ళీ ఒక మెయిల్, డ్యూటీలో చేరానని చెప్పే మెయిల్. ఈసారి అతికించిన మాటలు కాదు, స్క్రీన్ మొత్తం ఫొటో తీసి పంపాడు. To గడి, Subject గడి అన్నీ కనపడేలా. కింద రాశాడు: "అన్నా, ఇది సలీమ్ సార్‌కు. పైన పేరు జూసిన. నువ్వు ఇంగ్లీషొక్కటి సూడు."